మార్చి పరీక్షకు దొరకని 126 మంది

జూన్, జూలై నెలలొస్తే స్వచ్ఛంద సంస్థల ఆఫీసుల్లో ఒకటే హడావిడి. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలైనా పాతది ఇంకా వదిలిపెట్టదు. ఆడిటర్ లెక్కలు తేల్చాలి, సర్వసభ్య సమావేశం ముందు వార్షిక నివేదిక పెట్టాలి, దాతలకు ప్రతులు పంపాలి. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే కేంద్ర హోంశాఖకు ఎఫ్‌సీ-4 రిటర్ను కూడా వేయాలి. జమాఖర్చుల సంగతి ఆడిటర్ చూసుకుంటాడు. ఏడాదిలో ఏం చేశారు, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది అన్న భాగం మాత్రం సంస్థలో కాస్త రాయడం వచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది. జమాఖర్చుల కింద ఆడిటర్ సంతకం ఉంటుంది. ఈ కథనం కింద బయటివాళ్ల సంతకం ఏదీ ఉండదు. అందుకే గొప్పలు చొరబడేది ఇక్కడే. చాలాసార్లు అవి గొప్పలని రాసేవాళ్లకే తెలియదు.

ఇది ఎలా జరుగుతుందో చూడ్డానికి ఒక ఊహా సంస్థను తీసుకుందాం. అంకెలన్నీ వివరించడం కోసం వేసుకున్నవే. పరిస్థితి మాత్రం ఊహించింది కాదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని చుట్టుపక్కల ఊళ్లలో, వానాకాలం పంట చేతికొచ్చాక చాలా కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతాయి. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే పిల్లలు ఊళ్లో మిగులుతారు, లేకపోతే తల్లిదండ్రుల వెంట వెళ్తారు. మన సంస్థ ఆ ఊళ్లలోని ప్రభుత్వ బడుల్లో 3, 4, 5 తరగతుల పిల్లలకు రోజూ గంటన్నర తెలుగు చదవడం నేర్పుతోంది. 16 మంది వలంటీర్లు, అందరూ ఆ ఊరివాళ్లే.

పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో కొలవడానికి వీళ్లు అసర్ పద్ధతిని వాడుకున్నారు. ప్రథమ్ సంస్థ చొరవతో 2005 నుంచి దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న సర్వే అది. పరికరం చాలా చిన్నది. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ముందు పేరా ఇస్తారు. తడుముకోకుండా చదివితే కథ ఇస్తారు, చదవలేకపోతే పదాలకు దిగుతారు. అయిదు పదాల్లో కనీసం నాలుగు సరిగ్గా చదివితే పదాల మెట్టు దాటినట్టు. అదీ రాకపోతే అక్షరాలు. పిల్లవాడు ఎక్కడ ఆగాడో అదే వాడి మెట్టు. మన సంస్థ ఈ పరీక్ష జూలైలో ఒకసారి, మార్చిలో ఒకసారి పెట్టింది.

ఇక నివేదిక ముసాయిదాలో వచ్చిన పేరా ఇలా ఉంది. ఇలాంటివి నేను చాలా చదివాను. ఊరు పేరు, పని పేరు మారతాయి తప్ప నడక మారదు.

"ఈ ఏడాది మా పఠన కార్యక్రమం ద్వారా 640 మంది చిన్నారుల జీవితాల్లో వెలుగులు నింపగలిగాం. పరోక్షంగా 3,200 మంది కుటుంబ సభ్యులు లబ్ధి పొందారు. కథ చదవగలిగే పిల్లలు 15 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. ఎన్నో సవాళ్లు ఎదురైనా మా బృందం అంకితభావంతో వాటిని అధిగమించింది."

ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దాదాపు ఏ వాక్యమూ నిలబడదు.

640 దగ్గర మొదలుపెడదాం. ఇది హాజరు పట్టీలో పేరు ఎక్కినవాళ్ల సంఖ్య. వారం రోజులు వచ్చి మానేసినవాడూ, ఏడాదంతా వచ్చినవాడూ ఇందులో ఒకటే. 3,200 ఎలా వచ్చిందో లెక్క వేయడానికి వేళ్లు చాలు. ఇంటికి అయిదుగురు చొప్పున హెచ్చవేశారు. పిల్లవాడు పేరా చదవడం నేర్చుకుంటే వాళ్ల తాతకు ఏం లబ్ధి కలిగిందో చెప్పగలిగితే ఆ అంకె ఉంచవచ్చు, లేకపోతే కొట్టేయాలి. ఇంకో చిక్కు కూడా ఉంటుంది. అదే సంస్థ శనివారాల్లో గ్రంథాలయం నడుపుతూ, ఒకే పాప రెండు చోట్లా వస్తుంటే, లబ్ధిదారుల మొత్తంలో ఆ పాప ఇద్దరైపోతుంది. పథకాల వారీ పట్టికలను కింద కూడినప్పుడల్లా ఈ పొరపాటు దొర్లుతుంది. పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, మొత్తాన్ని ఆ నంబర్లతో లెక్కపెడితే తప్ప ఇది పట్టుబడదు.

అసలు విషయం 15 నుంచి 42 అన్న వాక్యంలో ఉంది. చూడ్డానికి అది అన్నిటికంటే నమ్మదగిన వాక్యం. పరీక్ష పెట్టారు, శాతం కట్టారు, పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టారు. ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎంతమందిలో?

జూలైలో పరీక్షకు కూర్చున్నది 612 మంది. వారిలో కథ చదివింది 92 మంది, అంటే 15 శాతం. మార్చిలో కూర్చున్నది 508 మంది. వారిలో కథ చదివింది 213 మంది, అంటే 42 శాతం. రెండు శాతాలూ సరైనవే. కానీ అవి రెండు వేర్వేరు గుంపులవి. జూలైలో ఉన్నవాళ్లలో 126 మంది మార్చిలో లేరు. మధ్యలో వేరే బళ్ల నుంచి వచ్చి చేరిన 22 మంది మార్చి లెక్కలో కలిశారు. రెండుసార్లూ కూర్చున్నది 486 మంది.

ఆ 486 మందిని విడిగా తీసి చూస్తే, జూలైలోనే కథ చదవగలిగినవాళ్లు 84 మంది. అంటే 17 శాతం. మార్చిలో 209 మంది, 43 శాతం. తేడా పెద్దగా లేదే, ఇంత గొడవ ఎందుకు అనిపించవచ్చు. లేనివాళ్ల వైపు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆ 126 మందిలో జూలైలో కథ చదివింది ఎనిమిది మందే, ఆరు శాతం. అంటే మార్చికి కనబడకుండా పోయింది చదువులో బాగా వెనకబడ్డ పిల్లలు. అది కాకతాళీయం కాదు. ఏటా జనవరి, ఫిబ్రవరిల్లో మిరప చేలకు వెళ్లే ఇంటి పిల్లవాడు గత రెండేళ్లూ అలాగే సగం చదువులో లేచి వెళ్లాడు. వెనకబడటానికి, పరీక్షకు దొరక్కపోవడానికి కారణం ఒకటే. వెనకబడ్డవాళ్లు తప్పుకుంటే, ఎవరికీ ఒక్క అక్షరం నేర్పకపోయినా, మిగిలినవాళ్ల సగటు దానంతట అదే పెరుగుతుంది.

కాబట్టి నివేదికలో మొదట రాయాల్సింది 486. రెండోది 126. ఆ 126 మంది ఎక్కడికి పోయారో హాజరు పట్టీ, వలంటీర్ల మాట కలిపి చూస్తే దాదాపు తేలుతుంది. మన సంస్థ లెక్కలో 88 మంది కుటుంబాలతో వలస వెళ్లారు, 23 మంది బడి మారారు, 15 మంది ఆ రోజు రాలేదు. చివరి 15 మంది విషయంలో నిర్వాహకులు కొంచెం సిగ్గుపడాలి. వారం తర్వాత మళ్లీ వెళ్లి ఉంటే వాళ్లు దొరికేవాళ్లు.

ఇంకొంచెం కఠినంగా చూడాలనుకునేవాళ్లు మరో లెక్క వేస్తారు. కనబడని 126 మందికి ఏడాదిలో ఏమీ రాలేదనే అనుకుందాం. అప్పుడు 612 మందిలో కథ చదవగలిగేది 217 మంది, 35 శాతం. అసలు నిజం 35కూ 43కూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ రెండు అంకెలనూ నివేదికలో ఇస్తే దాత భయపడతాడని కార్యదర్శులు అనుకుంటారు. నా అనుభవంలో భయపడేవాళ్లు తక్కువ. లెక్క తెలిసిన దాతకు ఆ రెండో అంకె చూశాకే మొదటిదాని మీద నమ్మకం కుదురుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. 17 నుంచి 43 అంటే 26 పాయింట్లు. ఇదంతా సంస్థ గొప్పేనా? పిల్లలు పగలంతా బడిలో ఉన్నారు, అక్కడ పంతులమ్మ కూడా చదువు చెప్పింది. ఈ కార్యక్రమం లేకపోయినా కొందరికి చదవడం వచ్చేదే.

ఈ అనుమానం ఎంత ముఖ్యమో హైదరాబాద్‌లోనే తేలింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్లతో పనిచేసినవాళ్లు నగరంలోని 104 పేద బస్తీలను తీసుకుని, లాటరీ వేసినట్టు సగం బస్తీల్లో ఒక సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా ఏర్పాటు చేశారు. కొంతకాలానికి రెండు రకాల బస్తీలనూ పోల్చారు. అప్పులు పెరిగాయి, చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. కానీ ఇంటి మొత్తం ఖర్చులోగానీ, పిల్లల చదువులోగానీ, ఆడవాళ్ల మాట చెల్లుబాటులోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అప్పు తీసుకున్న మహిళలనే చూస్తూ పోతే వాళ్లలో జీవితం మెరుగుపడ్డవాళ్లు ఎంతోమంది కనిపిస్తారు. పక్క బస్తీని చూస్తేనే అప్పు లేకుండా కూడా అంతే మెరుగుపడ్డవాళ్లు కనిపిస్తారు.

మండల స్థాయి సంస్థకు లాటరీలు వేసి పోల్చే స్తోమత ఉండదు. ఉండాల్సిన పనీ లేదు. కానీ చేతిలో ఉన్న కాగితాల నుంచే ఒక మోటు అంచనా రాబట్టవచ్చు. జూలై పరీక్షను తరగతుల వారీగా విడదీస్తే చాలు. మన లెక్కలో జూలైలో కథ చదవగలిగింది మూడో తరగతిలో 204 మందికి 16 మంది, అంటే 8 శాతం. నాలుగులో 206 మందికి 31 మంది, 15 శాతం. అయిదులో 202 మందికి 45 మంది, 22 శాతం. అప్పటికి సంస్థ ఆ బళ్లలో అడుగు పెట్టలేదు. అంటే మామూలు బడి చదువుతో ఒక తరగతి పెరిగేసరికి ఏడు పాయింట్లు వస్తున్నాయన్నమాట. 26లో ఏడు తీసేస్తే మిగిలేది 19. ఇది రుజువు కాదు. ఆ ఏడాది కొత్త పంతులు వచ్చి ఉండవచ్చు, ప్రభుత్వమే ఇంకేదైనా పథకం పెట్టి ఉండవచ్చు. అయినా "మా వల్లే 26" అనడానికీ, "మామూలు ఎదుగుదల ఏడు పోగా మిగిలిన దాంట్లో మా వంతు ఉందనుకుంటున్నాం" అనడానికీ చాలా దూరం ఉంది.

అంకె కట్టేముందు పరీక్ష పెట్టింది ఎవరన్నదీ చూడాలి. తాను నేర్పిన పిల్లలను తానే పరీక్షించే వలంటీరు చేయి కాస్త ధారాళంగా ఉంటుంది. మోసం అనక్కర్లేదు. పాప ఆగిన చోట పెదవి కదుపుతాడు, అంతే. జూలైలో ఇచ్చిన కథనే మార్చిలోనూ ఇస్తే సగం మంది పిల్లలు కళ్లు మూసుకుని అప్పజెబుతారు. అందుకని ఈ ఊరి వలంటీరు ఆ ఊళ్లో పరీక్ష పెట్టాలి, కాగితం మారాలి. పరీక్షయిన వారంలోపు ఓ 30 మంది పిల్లలను ఇంకొకరు మళ్లీ చదివించి, రెండు ఫలితాలూ ఎంతమందిలో కలిశాయో చూడాలి. 30లో 27 కలిస్తే ఆ మాట నివేదికలో రాయవచ్చు. 18 మాత్రమే కలిస్తే మొత్తం పట్టికనే పక్కన పెట్టాలి. చాలా సంస్థలు ఈ పని చేయవు, చేస్తే ఏం బయటపడుతుందోనని.

ఇవన్నీ అయ్యాక అదే పేరా ఇలా మారుతుంది:

"జూలైలో 612 మంది పిల్లలకు చదివే పరీక్ష పెట్టాం. వారిలో 486 మందిని మార్చిలో మళ్లీ పరీక్షించగలిగాం. ఈ 486 మందిలో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవారు జూలైలో 84 మంది, మార్చిలో 209 మంది. బడిలో మామూలుగా వచ్చే ఎదుగుదల కూడా ఇందులో ఉంది. అది ఏడు పాయింట్ల వరకు ఉంటుందని మా అంచనా. ఈ 486 మందిలో 61 మంది మార్చి నాటికి కూడా అక్షరాలు దాటలేదు. మార్చిలో దొరకని 126 మందిలో 88 మంది కుటుంబాలతో వలస వెళ్లారు. వీరు జూలైలోనే మిగతావారికంటే వెనకబడి ఉన్నారు. ఇప్పుడు వారికి ఎంత వచ్చో మాకు తెలియదు."

వెలుగులు పోయాయి, అంకితభావం పోయింది. ఈ పేరాలో విశేషణం దాదాపు లేదు. అయినా చదివినవాళ్లకు ఒక ఊరు, ఒక ఏడాది కళ్లకు కడతాయి. మొదటి పేరాలో అవి లేవు.

అంకెల తర్వాత ఒక పిల్లవాడి కథ ఉండాలి, ఉంటుంది కూడా. ఇక్కడ జరిగే మోసం ఎంపికలో జరుగుతుంది. సాధారణంగా అందరూ వలంటీర్లకు ఫోన్ చేసి "మంచి కేస్‌స్టడీ ఒకటి పంపమ్మా" అంటారు. వచ్చేది జూలైలో అక్షరం రాని పాప, మార్చిలో కథల పుస్తకాలు నమిలేస్తున్న పాప. అలాంటి పాప నిజంగానే ఉంటుంది. 486 మందిలో అలాంటివాళ్లు నలుగురో అయిదుగురో. ఆ కథ పక్కనే 209 అన్న అంకె ఉంటే, చదివేవాళ్ల మనసులో 209 మందీ అలాంటివాళ్లే అయిపోతారు.

దీనికి మందు ఉంది. మార్చి ఫలితాల ప్రకారం పిల్లలను ఎన్ని మెట్లు ఎక్కారో గుంపులుగా విడదీసి, అన్నిటికంటే పెద్ద గుంపులోంచి చీటీ తీయడం. మన లెక్కలో ఎక్కువమంది ఒక్క మెట్టు ఎక్కారు. అప్పుడు వచ్చే కథ ఇలా ఉంటుంది: "నాలుగో తరగతి చదివే ఈ పాప (పేరు మార్చాం) జూలైలో పదాలు కూడబలుక్కుని చదివేది. ఒత్తులు వస్తే ఆగిపోయేది. మార్చిలో పేరా చదివింది. కథ ఇస్తే మూడో వాక్యం దగ్గర ఆగింది. డిసెంబరులో చెల్లెల్ని చూసుకోవడానికి మూడు వారాలు రాలేదు." దీన్ని చదివి ఎవరూ కంటతడి పెట్టరు. కానీ ఆ బళ్లో ఒక ఏడాది అంటే ఏమిటో దీనికంటే బాగా చెప్పడం కష్టం. ఆ అద్భుతమైన పాప కథ కూడా వేయాలనిపిస్తే వేయండి, కాకపోతే "ఇలాంటివారు మా దగ్గర అయిదుగురు" అన్న మాట కలపండి.

ఫోటో విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తల్లి వేలిముద్ర వేసిన ఒప్పుకోలు పత్రం ఉంటే సరిపోదు. ఆ ఫోటో నివేదికలో వస్తుందని, నివేదిక ఇంటర్నెట్‌లో ఉంటుందని, పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందని ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. వద్దన్నా క్లాసులో చోటుకు ఢోకా లేదని కూడా చెప్పాలి. అది చెప్పకపోతే వద్దనే ధైర్యం ఆమెకు రాదు. సంరక్షణ అవసరమైన పిల్లలు, నేరాల బారిన పడ్డ పిల్లలు అయితే అసలు ప్రశ్నే లేదు. వాళ్ల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం.

ఇక ఆ "ఎన్నో సవాళ్లు". ఏ నివేదికలో చూసినా సవాళ్లు ఎదురవుతాయి, అధిగమించబడతాయి. ఏ సవాలో, ఎలా అధిగమించారో ఉండదు. కెనడాలో ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ 2008 నుంచి తమ వైఫల్యాలకే విడిగా ఒక నివేదిక వేయడం మొదలుపెట్టింది. ఆఫ్రికాలో తలపెట్టిన పనులు ఎందుకు ఫలించలేదో అందులో పనిచేసినవాళ్లే రాశారు. మనకు అంత అక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరికి నష్టమైంది, ఇప్పుడు ఏం మార్చాం. మన సంస్థలో అది ఇలా వస్తుంది: "నవంబరులో రెండు ఊళ్లలో వలంటీర్లు వేరే ఉద్యోగాలు దొరికి మానేశారు. కొత్తవారిని పెట్టడానికి మాకు ఏడు వారాలు పట్టింది. అప్పటివరకు ఆ ఊళ్లలో క్లాసులు జరగలేదు. ఇప్పుడు ప్రతి మూడు ఊళ్లకు ఒకరిని అదనంగా తయారుచేసి పెట్టుకుంటున్నాం." ఇందులో ఏడు వారాలు అన్న మాట రాయడానికే ఎక్కువ గుండె కావాలి. కమిటీ సమావేశంలో ఎవరో ఒకరు దాన్ని "కొంతకాలం" అని దిద్దుతారు. దిద్దనివ్వకూడదు.

డబ్బు గురించి ఒక్క మాట. కార్యక్రమం ఖర్చు 19.44 లక్షలు అనుకుందాం. దాన్ని 640తో భాగిస్తే పిల్లవాడికి 3,037 రూపాయలు, 486తో భాగిస్తే 4,000 రూపాయలు. ఏది రాసినా, దేనితో భాగించారో రాయాలి. ఆ 19.44 లక్షలు ఆడిటర్ సంతకం పెట్టిన ఆదాయ వ్యయాల పట్టికలో అదే పేరుతో కనబడాలి. కథనంలో ఒక అంకె, పట్టికలో ఇంకో అంకె ఉన్న నివేదికలు మీరు అనుకునేదానికంటే ఎక్కువ. తేడా ఎక్కువగా అద్దె, కోఆర్డినేటర్ జీతం ఏ పద్దులో వేశారన్న దగ్గర వస్తుంది.

నివేదిక అచ్చుకు పోయేముందు ముసాయిదాను ఆ 16 మంది వలంటీర్లకు చదివి వినిపించాలి. ఆఫీసులో ఎవరికీ తట్టని తప్పులు అక్కడ దొరుకుతాయి. ఫలానా ఊళ్లో ఆ నెల అసలు పుస్తకాలే రాలేదని ఒకరంటారు. బడి మారాడని రాసిన పిల్లవాడు మిరప చేలో ఉన్నాడని మరొకరంటారు. ఆ దిద్దుబాట్లు అయ్యాకే వచ్చే ఏడాది ప్రణాళిక రాయడం మంచిది, ఎందుకంటే అది ఈ అంకెల్లోంచే రావాలి. మన సంస్థకైతే 88 అన్న అంకె రెండు పనులు చెబుతోంది. వలస మొదలుకాకముందే, డిసెంబరు ఆఖరులో, మధ్యలో ఒక పరీక్ష పెట్టాలి. అప్పుడు వెళ్లిపోయేవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. రెండోది, వలసకు వెళ్లే కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్లలో వీళ్లలో ఎంతమందిని చేర్పించవచ్చో నవంబరులోనే మండల విద్యాధికారితో కూర్చుని పేర్లు రాసుకోవాలి.